రైసు మిల్లు కరెంటు బిల్లు చదివి పెన్షన్‌కు తోడు సంపాదించడం ఎలా?

ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీర్లు చాలామంది చేసే మొదటి పొరపాటు విజిటింగ్ కార్డు మీద ‘కన్సల్టెంట్’ అని వేయించుకోవడం. దక్షిణ ఒడిశాలో, పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో మిల్లు నడుపుకొనే మనిషికి ఆ మాటతో పనిలేదు. ‘అయ్యా, మా కరెంటు బిల్లు ఎందుకింత వస్తోంది?’ అన్నది అతని ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగితే మీకు పని ఉన్నట్టే. అందుకే ఈ ఒక్క పని గురించే రాస్తున్నాను. హైటెన్షన్ కనెక్షన్ ఉన్న చిన్న రైసు మిల్లు బిల్లులు తీసుకుని, ఎక్కడ వృథా ఉందో కనిపెట్టి, సరిదిద్దే దారి చెప్పి, రుసుము తీసుకోవడం. మీరు ఎలక్ట్రికల్ చదివి ఉంటే కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా లేదు. సివిల్ వారైతే దీన్ని వదిలేసి, మీకు చేతనైన మరో ఇరుకైన పనిని ఇలాగే ఎంచుకోండి.

మిల్లుకు వెళ్లే ముందు మీ పెన్షన్ నిబంధనలు ఒకసారి చూసుకోండి. కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-ఎ అధికారిగా విరమణ చేసినవారు ఏడాది లోపు వాణిజ్య సంస్థల్లో పనిచేయాలంటే అనుమతి తీసుకోవాలి. సొంతంగా సలహాలు ఇచ్చే వృత్తి కూడా కొన్ని సందర్భాల్లో దీని కిందికి వస్తుంది. రాష్ట్ర సర్వీసు, ప్రభుత్వ సంస్థల నిబంధనలు వేరుగా ఉంటాయి, మీ పాత కార్యాలయంలో అడిగి కాగితం మీద జవాబు తీసుకోండి. విద్యుత్ పంపిణీలోనే పనిచేసి ఉంటే, మీరు చివరగా పనిచేసిన డివిజన్‌లోని మిల్లులను కొన్నేళ్లు ముట్టుకోకపోవడం మంచిది. ‘మీ పాత జేఈకి ఒక మాట చెప్పండి’ అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఒక్కసారి చెప్పారంటే ఆ రోజు నుంచి మీరు ఇంజనీరు కారు, మధ్యవర్తి.

మొదట బిల్లులు, తర్వాతే మిల్లు

యజమాని పిలవగానే మిల్లు చూడటానికి పరుగెత్తవద్దు. ‘గడచిన పన్నెండు నెలల బిల్లులు పంపండి’ అని అడగండి. పన్నెండు ఎందుకంటే మన వైపు మిల్లు ఏడాది పొడవునా ఒకేలా నడవదు. ఖరీఫ్ ధాన్యం వచ్చే నెలల్లో రాత్రింబవళ్లు తిరుగుతుంది, వానాకాలంలో బెల్టులు బూజు పడతాయి. రెండు మూడు బిల్లులు చూసి చెప్పే సలహా సగం అబద్ధం అవుతుంది.

గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్ జిల్లాల్లో 2021 జనవరి నుంచి పంపిణీ బాధ్యత టీపీ సదరన్ ఒడిశా సంస్థది. ధరలు నిర్ణయించేది మాత్రం ఒడిశా విద్యుత్ నియంత్రణ కమిషన్. ఏటా వచ్చే టారిఫ్ ఉత్తర్వు దగ్గర పెట్టుకోకుండా ఎవరికీ లెక్క చెప్పవద్దు. మహేంద్రతనయ దాటి పాతపట్నం వైపు వెళితే రాష్ట్రమే మారుతుంది, ధరల పట్టిక కూడా మారుతుంది. ఒక ఒడ్డున చేసిన లెక్కను రెండో ఒడ్డుకు మోసుకుపోవద్దు.

బిల్లులో మీరు చూడవలసినవి నాలుగే అంకెలు: ఒప్పంద డిమాండ్, ఆ నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్, కిలోవాట్ గంటలు, కేవీఏ గంటలు. ఒక తెల్ల కాగితం మీద నెలకో వరుస చొప్పున రాసుకోండి. ఈ కాగితమే మీ పనిలో ముప్పాతిక వంతు.

ఒప్పంద డిమాండ్ అంటే ‘నాకు ఇంత వరకు కావాలి’ అని యజమాని రాసి ఇచ్చిన కేవీఏ. గరిష్ఠ డిమాండ్ అంటే నిజంగా వాడినదానిలో అత్యధికం. అది క్షణకాలపు విలువ కాదు, మీటరులో పెట్టిన వ్యవధి, అంటే 15 లేదా 30 నిమిషాల సగటు. అందుకే మోటారు స్టార్టు అయ్యేటప్పుడు లాగే కరెంటును చూసి భయపడనక్కరలేదు. ఒడిశాలో 110 కేవీఏ, అంతకు మించి ఒప్పందం ఉన్న హైటెన్షన్ వారికి నమోదైన గరిష్ఠ డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డిమాండ్ ఛార్జీ పడుతుంది. మిల్లు మూసి తాళం వేసినా ఆ 80 శాతం కట్టాల్సిందే.

ఇక వాడకం. హైటెన్షన్ వారికి 2021-22 నుంచి కిలోవాట్ గంటలకు బదులు కేవీఏ గంటల మీద ధర వేస్తున్నారు. అంతకుముందు పవర్ ఫ్యాక్టర్ తక్కువైతే జరిమానా అని బిల్లులో వేరే వరుస కనిపించేది, యజమాని దాన్ని చూసి అదిరిపడేవాడు. ఇప్పుడు ఆ వరుస లేదు. నష్టం యూనిట్లలోనే కలిసిపోయింది కాబట్టి కంటికి ఆనదు. మీకు పని దొరికేది సరిగ్గా ఇక్కడే.

ఒక మిల్లు లెక్క

కాశీనగరం దారిలోని ఒక మిల్లు కాగితం ఇలా ఉందనుకోండి. అంకెలను కొంచెం గుండ్రం చేశాను, ధరలు కూడా లెక్క కోసం పెట్టినవే. డిమాండ్ ఛార్జీ కేవీఏకి నెలకు 250 రూపాయలు, వాడకం కేవీఏ గంటకు 6 రూపాయలు. మీరు మీ ఏడాది ఉత్తర్వులోని ధరలు వేసుకోండి.

ఒప్పంద డిమాండ్ 160. పన్నెండు నెలల్లో ఎప్పుడూ 96 దాటలేదు. సీజను ఆరు నెలలు 90కీ 96కీ మధ్య, మిగతా ఆరు నెలలు 20 దగ్గర. 160లో 80 శాతం 128. అంటే 96 వాడిన నెలలోనూ 20 వాడిన నెలలోనూ అతను కడుతున్నది 128కే.

160 ఎందుకు పెట్టుకున్నారని అడిగితే యజమాని నెత్తి గోక్కుంటాడు. తండ్రి కాలంలో రెండో లైను ఉండేది, దాన్ని అమ్మేశారు, ఒప్పందం మాత్రం అలాగే ఉండిపోయింది. పాత మిల్లుల్లో ఈ కథ తరచూ వినబడుతుంది. మరికొన్ని చోట్ల మోటార్ల ప్లేట్ల మీది గుర్రపు శక్తి అంతా కూడి దరఖాస్తు పెట్టి ఉంటారు. అన్ని మోటార్లూ ఒకేసారి పూర్తి భారంతో తిరగవన్న సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

దీన్ని 115కి తగ్గిస్తే 80 శాతం 92 అవుతుంది. సీజనులో మహా అయితే 96కి, మిగతా నెలల్లో 92కి కడతాడు. ఆదా సీజను నెలల్లో కనీసం 32 కేవీఏ, మిగతా నెలల్లో 36 కేవీఏ. ఆరేసి నెలలకు కలిపితే 408, దాన్ని 250తో గుణిస్తే ఏడాదికి 1,02,000 రూపాయలు. ఒక్క తీగ మార్చకుండా, ఒక్క మర బిగించకుండా, ఒక దరఖాస్తుతో వచ్చే డబ్బు ఇది.

మరి 115 వద్ద ఎందుకు ఆగాలి, 100కి ఎందుకు దించకూడదు? దీనికి రెండు కారణాలు. ఒడిశా నిబంధనల్లో 110 కేవీఏ దగ్గర గీత ఉంది. దానికి పైన పెద్ద పరిశ్రమ, కింద మధ్యతరహా పరిశ్రమ. గీత దాటితే వర్గం మారుతుంది, వర్తించే ధరలు మారవచ్చు. ఆ లెక్కంతా మళ్లీ చేసి, లాభమని తేలితేనే దాటాలి. రెండోది నా సొంత తప్పు నేర్పిన పాఠం. మొదట్లో ఒక మిల్లుకు ఒప్పందాన్ని నమోదైన గరిష్ఠానికి సరిగ్గా ఆనించి సలహా ఇచ్చాను. మరుసటి సీజనుకు వాళ్లు బియ్యంలో నల్ల గింజలు ఏరే సార్టెక్స్ యంత్రాన్ని, దాని కంప్రెసర్‌ను తెచ్చి పెట్టారు. డిమాండ్ ఒప్పందాన్ని దాటి అదనపు రుసుము పడింది. నేను అడగనేలేదు, వారు చెప్పనేలేదు. తీసుకున్న రుసుములో సగం తిరిగి ఇచ్చాను. అప్పటి నుంచి ‘వచ్చే రెండేళ్లలో ఏ యంత్రం కొనబోతున్నారు?’ అన్నది నా మొదటి ప్రశ్న. తగ్గించడం ఎంత సులువో, మళ్లీ పెంచుకోవడం అంత సులువు కాదు. లైను సామర్థ్యం చూడాలంటారు, డిపాజిట్ అంటారు.

కెపాసిటర్ల లెక్క

ఇప్పుడు మూడో, నాలుగో అంకెలు. సీజను నెలలో ఈ మిల్లు వాడింది 15,000 కిలోవాట్ గంటలు, బిల్లు పడింది 19,230 కేవీఏ గంటలకు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.78. ఇదే ఆ నెల సగటు పవర్ ఫ్యాక్టర్. మోటారు నిజంగా చేసే పనికి కావలసినది కిలోవాట్. మోటారులో అయస్కాంత క్షేత్రం నిలబెట్టడానికి లాగే కరెంటు అదనం. ఆ అదనాన్ని పదకొండు కేవీ లైను నుంచి లాగే బదులు మిల్లులోనే కెపాసిటర్ దగ్గర తీసుకుంటే మీటరు దాకా వెళ్లదు. యజమానికి నేను చెప్పే పోలిక ఒకటే: ధాన్యం బస్తాతో పాటు ఊక బస్తా కూడా ప్రతిసారీ లారీలో వస్తోంది, దానికీ మీరు కిరాయి కడుతున్నారు.

ఎంత కెపాసిటర్ కావాలో ఈ సూత్రం చెబుతుంది:

```
kVAr = kW × (tan φ1 − tan φ2)
```

గరిష్ఠ డిమాండ్ 96ని 0.78తో గుణిస్తే 75 కిలోవాట్లు. 0.78కి టాన్ విలువ 0.802. మనం చేరదలచిన 0.97కి 0.251. తేడా 0.551ని 75తో గుణిస్తే సుమారు 41 కేవీఏఆర్.

‘41 కొనండి’ అని రాస్తే తప్పులో కాలేసినట్టే. కెపాసిటర్ మీద రాసిన విలువ దాని రేటింగ్ వోల్టేజి దగ్గర మాత్రమే నిజం. ఇచ్చే కేవీఏఆర్, వోల్టేజిని వోల్టేజితోనే గుణిస్తే వచ్చే విలువను బట్టి మారుతుంది. 440 వోల్టుల కెపాసిటర్‌ను 415 దగ్గర వాడితే 89 శాతమే ఇస్తుంది. సీజనులో సాయంత్రం లైను 380కి జారితే 75 శాతం కూడా రాదు. 41ని 0.89తో భాగిస్తే 46 దాటుతుంది కాబట్టి 50 కేవీఏఆర్ ప్యానెల్ రాయాలి. వోల్టేజి మరీ పడిపోయే ఊరైతే మీరే రెండు రోజులు సాయంత్రం కొలిచి, దాన్ని బట్టి పెంచండి.

50 మొత్తాన్నీ ఒకే స్విచ్చికి కట్టవద్దు. మిల్లు ఆగినా కెపాసిటర్లు లైనులో ఉండిపోతే పవర్ ఫ్యాక్టర్ రెండో వైపు, అంటే లీడింగ్ వైపు పోతుంది. అప్పుడు వోల్టేజి పెరుగుతుంది, మీటరు దాన్ని కూడా లెక్కలోకి తీసుకునే రకమైతే బిల్లూ పెరుగుతుంది. అందుకే భారాన్ని బట్టి తనంతట తాను కలుపుతూ తీస్తూ ఉండే ఆటోమేటిక్ ప్యానెల్ కావాలి. ఈ మిల్లుకు 5, 5, 10, 10, 20 మెట్లుగా ఉంటే వానాకాలంలో గోదాము దీపాలు, నీళ్ల మోటారు మాత్రమే తిరిగినప్పుడు కూడా చిన్న మెట్టు సరిపోతుంది. వేగం మార్చే డ్రైవులు భారంలో పెద్ద భాగంగా ఉన్న మిల్లయితే మామూలు కెపాసిటర్లు ఉబ్బి పేలవచ్చు. అక్కడ ముందుగా హార్మోనిక్స్ కొలిపించి, రియాక్టర్లతో కూడిన ప్యానెల్ పెట్టించాలి.

0.97 నెలంతా నిలిస్తే 15,000 కిలోవాట్ గంటలకు పడేది సుమారు 15,460 కేవీఏ గంటలు. ఆదా 3,770 యూనిట్లు, నెలకు సుమారు 22,600 రూపాయలు, ఆరు నెలలకు 1,35,000 పైమాట. యజమానికి మాత్రం లక్ష అని చెప్పండి. లైను వోల్టేజి, మధ్యలో కాలిపోయే కాంటాక్టర్, పంట తక్కువైన ఏడాది, ఇవన్నీ ఆ ముప్పై అయిదు వేలలో సర్దుకుంటాయి. చెప్పినదానికన్నా ఎక్కువ వస్తే పక్క మిల్లుకు మీ పేరు అతనే చెబుతాడు.

మిల్లులో ఒక పూట

కాగితం తయారయ్యాక వెళ్లండి. సీజనులోనే వెళ్లాలి, షెల్లరూ పాలిషరూ ఎలివేటర్లూ బ్లోయరూ అన్నీ తిరుగుతున్నప్పుడు. వాట్లు, పవర్ ఫ్యాక్టర్ కూడా చూపే క్లాంపు మీటరు ఒకటి కొనుక్కోండి, ఈ వ్యాపారానికి మీ పెట్టుబడి అదే. పాలిటెక్నిక్‌లో చదివే విద్యార్థి ఒకరిని రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. అరగంటకోసారి ప్యానెల్ దగ్గర రీడింగు రాయడం అతని పని. మీరు యంత్రాల చుట్టూ తిరుగుతుంటే ఆ పట్టిక తెగకుండా సాగుతుంది, వాడికి పుస్తకంలోని టాన్ ఫై ఎందుకు ఉందో తెలుస్తుంది. హైటెన్షన్ మీటరు పెట్టె సీలు జోలికి మాత్రం ఎవరూ వెళ్లవద్దు. తెర మీద వరుసగా కనిపించే అంకెలు అద్దంలోంచి చదివితే చాలు.

పాత కెపాసిటర్లు చాలా మిల్లుల్లో ఉంటాయి, గోడకు వేలాడుతూ. ‘ఉన్నాయి కదండీ’ అంటాడు యజమాని. బతికి ఉన్నాయో లేదో ఇలా తెలుస్తుంది: 440 వోల్టుల 10 కేవీఏఆర్ యూనిట్ 415 దగ్గర ఒక్కో ఫేజులో 12 ఆంపియర్ల పైచిలుకు లాగాలి. 6 చూపినా, ఒక ఫేజులో సున్నా చూపినా దాని పని అయిపోయినట్టే. డబ్బా పైభాగం ఉబ్బి ఉన్నా అంతే. మెయిన్ తీసిన వెంటనే టెర్మినల్ ముట్టుకోవద్దు. డిశ్చార్జి రెసిస్టర్ పోయిన కెపాసిటర్ కరెంటు లేకుండానే కొడుతుంది. అయిదు నిమిషాలు ఆగి, వోల్టేజి కొలిచి, అప్పుడు చేయి పెట్టండి.

ఇంకో సంగతి ఆపరేటరుతో మాట్లాడితే తప్ప తెలియదు. ఒక మిల్లులో ఆటోమేటిక్ ప్యానెల్ కొత్తగానే ఉంది, పవర్ ఫ్యాక్టర్ మాత్రం 0.8 దాటడం లేదు. మధ్యాహ్నం టీ తాగుతుండగా ఆపరేటరు చెప్పాడు: ‘అది టకటక శబ్దం చేస్తోందయ్యా, అందుకే మాన్యువల్‌లో పెట్టేశాను.’ శబ్దానికి కారణం మెట్ల మధ్య వ్యవధి మరీ తక్కువగా పెట్టడం. రిలేలో ఆ వ్యవధి పెంచగానే శబ్దం తగ్గింది.

కాగితం ఏ భాషలో?

రెండు కాగితాలు రాయండి. యజమానికి తెలుగులో ఒకే పేజీ: ఇప్పుడు ఎంత కడుతున్నారు, ఏది మార్చాలి, ఎంత ఖర్చు, ఎన్ని నెలల్లో తిరిగి వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిలో పాఠాలు చెప్పిన ఊరి పక్కన ఉండి, ‘శక్తి గుణకాంక సంవర్ధనము’ అని రాస్తే ఆయన క్షమించరు. రెండోది ఒప్పంద డిమాండ్ తగ్గించమని పంపిణీ సంస్థకు దరఖాస్తు. దాన్ని మిల్లు గుమాస్తా చేత ఒడియాలోనో ఇంగ్లిషులోనో రాయించండి, సంతకం యజమానిదే. దానికి పన్నెండు నెలల గరిష్ఠ డిమాండ్ పట్టిక జతచేయాలి. ప్యానెల్ బిగించే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుది. మీరు పనిముట్టు పట్టవద్దు, పని పూర్తయినట్టు సంతకం పెట్టవద్దు. ఎనర్జీ ఎఫిషియెన్సీ బ్యూరో పరీక్ష ఉత్తీర్ణులు కాకుండా ‘ఎనర్జీ ఆడిటర్’ అని కూడా రాసుకోవద్దు, అది చట్టంలో అర్థం ఉన్న మాట.

రుసుము

ఆదాలో వాటా అడగమని చాలామంది సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. మరుసటి ఏడాది వర్షం తప్పితే మిల్లు సగమే నడుస్తుంది, బిల్లు తగ్గింది మీ సలహా వల్లనా కరువు వల్లనా అని వాదన మొదలవుతుంది. ప్యానెల్ అమ్మేవారి దగ్గర కమీషన్ అసలే వద్దు. 50 చాలిన చోట 75 రాయాలని చేయి లాగుతుంది. ఈ చిన్న ఊళ్లలో ఎవరు ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో వారం తిరగకుండా తెలిసిపోతుంది.

నేను తీసుకునే పద్ధతి ఇది. బిల్లులు చదివి కాగితం ఇవ్వడానికి 5,000, ముందే. మిల్లుకు రెండుసార్లు రావడం, కొటేషన్లు సరిచూడటం, దరఖాస్తు తయారు చేయించడం, ప్యానెల్ బిగించాక మొదటి రెండు బిల్లులు పరిశీలించడం, వీటికి మరో 10,000. ఇందులో సగం పని మొదలుపెట్టేటప్పుడు, మిగతా సగం రెండో బిల్లు చూపించాక. బిల్లులు చదివాక లాభం లేదని తేలితే ఆ మాటే చెప్పి 5,000తో ఆగిపోవాలి. అలా ఆగిన మిల్లులూ ఉన్నాయి. సీజనుకు ఆరు మిల్లులు చేస్తే 90,000, నెలకు 7,500 పడినట్టు. అంతకు మించి ఆశపడితే ఒక్కో మిల్లుకు ఇవ్వాల్సిన సమయం తగ్గుతుంది, ధాన్యం సీజను మీ కోసం పొడవు కాదు.

పన్ను విషయం చిన్నదే. ఇంజనీరింగ్ వృత్తికి 44ఏడీఏ పేరుతో అందరికీ తెలిసిన పద్ధతిలో వచ్చిన రుసుములో సగాన్ని ఆదాయంగా చూపితే చాలు, ఖర్చుల పద్దులు రాయనక్కరలేదు. 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో సెక్షన్ సంఖ్యలు మారాయి కాబట్టి రిటర్ను వేసే వ్యక్తికి ఆ మాట గుర్తు చేయండి. పెన్షన్ ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్-1 ఇక పనికిరాదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏడాదికి 20 లక్షల లోపు అక్కరలేదు. ఒడిశాలో ఉండి పాతపట్నం మిల్లుకు సలహా ఇచ్చినా, సేవలకు రాష్ట్రం దాటినంత మాత్రాన రిజిస్ట్రేషన్ అవసరం పడదు. సరిహద్దులో ఉన్నవారిని ఈ విషయంలో కొందరు ఊరికే భయపెడతారు.

ప్యానెల్ బిగించాక వచ్చే మొదటి బిల్లు చూసి తొందరపడకండి, అందులో సగం రోజులు పాతవే. రెండో బిల్లులో కిలోవాట్ గంటలను కేవీఏ గంటలతో భాగించండి. 0.95 పైన వస్తే మిగతా రుసుము అడగవచ్చు. రాకపోతే అడగకుండా క్లాంపు మీటరు తీసుకుని బయలుదేరండి, ముందు ఆపరేటరు ప్యానెల్‌ను మాన్యువల్‌లో పెట్టాడేమో చూడండి.